కుక్కర్ మింగిన "అని"

ఆదివారం సాయంత్రం నుంచి నేను లిఫ్టు ఎక్కడం లేదు. నాలుగో అంతస్తుకి మెట్లమీదే వెళ్తున్నాను. లిఫ్టులో ఎవరో ఒకరు ఉంటారు, ఉన్నవాళ్ళు నవ్వుతారు.

కరెంటాఫీసులో 30 ఏళ్ళు చేసి రిటైరయ్యాక, ఊరికే కూర్చోలేక ఇంట్లో కరెంటు జాగ్రత్తల మీద వీడియోలు మొదలుపెట్టాను. ఫోన్ ముందు కూర్చుని మాట్లాడతాను. ఎడిటింగ్ మా అన్నయ్య కొడుకు చేస్తాడు. వాడు అసలు పెళ్ళి వీడియోలవాడు. ఆదివారం పెట్టింది ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళ గురించి. అందులో నేను బొట్టు పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఏమాత్రం తడబడకుండా లోకానికి చెప్పిన మాట ఇది: "బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోసినా ఏమీ కాదు. అందుకే ఇరవై ఏళ్ళుగా నేను అందరికీ ఇదే చెబుతున్నాను."

బ్యాటరీలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. ఆ సంగతి నేను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు కూడా అదే చెప్పాను. నేను అన్న అసలు వాక్యం ఇదిగో, ఊపిరి బిగబట్టి చదవండి:

"ఇన్వర్టర్ కొన్న కొత్తలో శ్రద్ధగా చూసుకుని, తర్వాత మరిచిపోయి, ఏ మూడు నెలలకో గుర్తొచ్చి మూత తీసి చూసి, నీళ్ళు తగ్గాయని గమనించి, కొట్టుదాకా వెళ్ళడానికి బద్ధకించి, బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోసినా ఏమీ కాదు అని చాలామంది అనుకుంటారు కానీ అది చాలా తప్పు, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, అందుకే ఇరవై ఏళ్ళుగా నేను అందరికీ ఇదే చెబుతున్నాను."

ఒకే వాక్యం. చిన్నప్పుడు వ్యాసరచన పోటీల్లో నాకు బహుమతులు వచ్చింది ఇలాంటి వాక్యాలకే. సరిగ్గా "ఏమీ కాదు" అనేసరికి వంటింట్లో కుక్కర్ కూసింది.

ఆ కూత గురించి కొంచెం చెప్పుకోవాలి. మా ఇంట్లో వంట మావారిది. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పప్పు మెత్తగా ఉడకలేదని ఒకసారి ఎవరో అన్నారట, ఆ అవమానం ఇంకా మరిచిపోలేదు. కాబట్టి మా కుక్కర్ ఊరికే కూసి ఊరుకోదు, స్టేషన్లో ఆగని రైలులా కూస్తుంది. నేను పాతకాలం మనిషిని, ఎదుట పిడుగు పడినా మొదలెట్టిన వాక్యం పూర్తిచేస్తాను. కూత మీద కూతగా నేనూ మాట్లాడుతూనే ఉన్నాను. ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో "అని" మొదలుకొని "పోయాలి" దాకా అన్నీ ఆవిరిలో కలిసిపోయాయి. కూత ఆగింది. "అందుకే ఇరవై ఏళ్ళుగా" అన్న ముక్క గంట కొట్టినట్టు స్పష్టంగా వినబడింది.

మావాడు కూత ఉన్నంతమేర కోసేశాడు. ముందున్న "చూసుకుని, మరిచిపోయి, బద్ధకించి" సాగదీతగా ఉందని అదీ కోసేశాడు. "బద్ధకించి" తర్వాత నేను ఊపిరి తీసుకున్నాను కదా, అక్కడ సందు దొరికింది వాడికి.

"ఒరేయ్, కోసేముందు నేనేం చెబుతున్నానో వినలేదా?" అని ఫోన్లో అడిగాను.

"ఎడిటింగప్పుడు మాటలు వినను అత్తా, తెరమీద శబ్దం గీసే తరంగాలు చూస్తాను. చదునుగా ఉన్నచోట కట్ చేస్తాను. నీ వీడియోలో చదునే లేదు. మొత్తం కొండలే."

ఇదీ వాడి పనితనం. పెళ్ళిలో మంత్రాలకి అర్థం తెలియకుండా తలంబ్రాల దగ్గర పాట అతికించినవాడు, నా బ్యాటరీనీ అలాగే అతికించాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మాట్లాడే మనిషిని మధ్యలో కోసి అతికిస్తే బొమ్మలో తల టక్కున ఎగురుతుంది. దాన్నే జంప్ కట్ అంటారు. తల ఎగిరితే చూసేవాడికి కనీసం "ఇక్కడేదో పోయింది" అని అనుమానం వస్తుంది. ఆ ఎగురుడు బాగాలేదని, మావాడు అతుకు మీద వేరే బొమ్మ కప్పాడు. కటవే అంటాడు వాడు. ఏ బొమ్మ? ఇలా చేయకూడదు అని చూపించడానికి పార్కింగులో పడున్న పాత బ్యాటరీ మీద నేనే తీసి పంపిన బొమ్మ. రాగి చెంబుతో కుళాయి నీళ్ళు పోస్తున్న చెయ్యి. దాని మీద ఎర్రగా ఇంటూ గుర్తు వేయమన్నాను. వేయలేదు. అంటే చెవికి నా గొంతు, కంటికి నా గాజులు. అతుకు ఎక్కడుందో బ్రహ్మకి కూడా తెలియదు. "మేడమ్ స్వయంగా పోసి చూపించారు" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

వీడియో తీసేశాం. అప్పటికే ఎవరో దించుకుని గ్రూపుల్లో పంచారు.

రాత్రి మావారు నా వాక్యాన్ని కాగితం మీద రాసుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఎర్రపెన్నుతో కూర్చున్నారు. కుక్కర్ సంగతి మాత్రం ఎత్తలేదు.

"చూసుకుని, మరిచిపోయి, చూసి, గమనించి, బద్ధకించి. అన్నీ అసమాపక క్రియలే. వాక్యం ఎక్కడా ఆగదు, గొంతు ఎక్కడా దిగదు. గొంతు దిగనిచోట కోస్తే మెట్టు లేనిచోట అడుగేసినట్టు ఉంటుంది. ఇక ఈ 'అని' చూడు. మన భాషలో ముందు మాట వస్తుంది, ఆ మాట ఎవరిదో తర్వాత వస్తుంది. తోక తెగిందా, పరాయి తప్పు నీ ఒప్పయిపోతుంది."

ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ, ఆయన చెప్పింది నిజం. "కొందరు ఇలా అంటారు" అని ముందే పెడదామన్నాను. మావాడు ఫోన్లోంచే అడ్డుపడ్డాడు. "సాగదీతగా ఉందని నేను ముందుదీ కోస్తాను అత్తా." సిగ్గులేకుండా చెప్పాడు. కాబట్టి తప్పుడు మాటను పూర్తి వాక్యంగా నా నోటితో అసలు అనకూడదు. అన్నానంటే ఎప్పుడో ఒకప్పుడు అది ఒంటరిగా బయటికి వస్తుంది.

మరి ఎలా? ఆయన "పోయకండి" అని రాశారు. పెన్ను మూత పెట్టి, "దీన్ని కొయ్యమను చూద్దాం" అన్నారు. "పోయవచ్చు అనుకోకండి" అంటే రెండు ముక్కలు, మధ్యలో కత్తెర దూరుతుంది. "పోయకండి"లో వద్దనడం మాట కడుపులోనే ఉంది. కోస్తే అసలు మాటే ఉండదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వ్యతిరేకార్థకాలు చెప్పినందుకు ఆయనకి ఇన్నాళ్ళకి ఒక ప్రయోజనం కనబడింది, ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

తర్వాతిది "ఇదే". "ఇదే చెబుతున్నాను" అంటే ఏది? పక్కన ఏ వాక్యం కూర్చుంటే అది. ఎడిటింగులో పక్కవాళ్ళు మారిపోతారు. అందుకని "ఇది", "అందుకే", "ఇందాక చెప్పినట్టు" లాంటివి తీసేసి, వస్తువు పేరే మళ్ళీ చెప్పాలి. "ఇదిగో, ఇక్కడ చూడండి" కూడా పోయింది. ఆ బొమ్మ సరిగ్గా రాకపోతే నేను గాలిలోకి వేలు చూపిస్తూ మిగిలిపోతాను. చివరికి తేలింది ఇది:

"బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోయకండి. కుళాయి నీళ్ళలో లవణాలుంటాయి. ఆ లవణాలు బ్యాటరీ ప్లేట్లను పాడుచేస్తాయి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బ్యాటరీ మూత మీద ఫ్లోట్ ఉంటుంది. ఫ్లోట్ ఎర్ర గీతకి దిగితే నీళ్ళు తగ్గినట్టు. పచ్చ గీత రాగానే పోయడం ఆపండి."

ఫ్లోట్ పేరు వాక్యం మొదట్లోనే ఉంది. మాట వినబడగానే ఫ్లోట్ బొమ్మ వేసి, వాక్యం పూర్తయ్యేదాకా ఉంచొచ్చు. బొమ్మ లేకపోయినా వాక్యం బతుకుతుంది.

చదివి చూపిస్తే మావారు, "ప్రయాణికులకు విజ్ఞప్తి అన్నట్టుంది" అన్నారు. నిజమే. అన్నిచోట్లా గొంతు ఒకేలా దిగుతుంటే రైల్వే ప్రకటనే. అందుకని లవణాల వాక్యాలు రెండూ ఒక కట్టగా, గుక్క తిప్పుకోకుండా చెప్పాలనుకున్నాం. ఆ కట్ట మధ్యలో కత్తెర పెట్టకూడదని మావాడికి ఆజ్ఞ. కట్టకీ కట్టకీ మధ్య నేను నోరు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మనసులో రెండు లెక్కపెట్టాలి. అదీ వాడడిగిన చదును.

నోరు మూసుకుని రెండు లెక్కపెట్టడం ఎంత కష్టమో మీకు తెలియదు. మొదటిసారి పెదవులు మూశాను గానీ కళ్ళు తర్వాతి వాక్యం కోసం పైకి వెళ్ళాయి, ఫ్యాను చూస్తున్నట్టు వచ్చింది. రెండోసారి అంకెలు పైకే లెక్కపెట్టాను. మూడోసారి మౌనం బాగా కుదిరింది. ఎంత బాగా అంటే, అయిపోయిందనుకుని మావారు వంటింట్లోంచి "కుక్కర్ పెట్టొచ్చా?" అని కేకేశారు. వీడియో ఎలాగో అయింది, నిన్న పెట్టాం. పాతదాన్ని చూసినంతమంది దీన్ని చూడలేదు.

ఇవాళ పొద్దున్న బెల్లు మోగింది. తలుపు తీస్తే మూడో అంతస్తు ఆయన, రెండు చేతుల్లో రెండు సీసాలు.

"మేడమ్, మీ వీడియో చూశాను. కుళాయి నీళ్ళంటే మున్సిపాలిటీవా, బోరువా?"

"బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోయకండి" అన్నాను. అలవాటు కొద్దీ నోరు మూసి, చేతులు కట్టుకుని, రెండు లెక్కపెట్టాను.

ఆయన ఆ రెండు సెకన్లూ నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "అర్థమైంది మేడమ్. మరిగించి పోస్తే?"