థైరాయిడ్ అనుమానం ఉంటే ముందు ఏ పరీక్ష?

"అమ్మకు 48 ఏళ్లు. ఎండాకాలంలోనూ చలి అంటుంది. బరువు పెరిగింది, చర్మం పొడిబారింది, మలబద్ధకం కూడా. థైరాయిడేనా?"

ఈ నాలుగూ కొన్ని నెలలుగా మెల్లగా ముదురుతుంటే రక్తపరీక్ష చేయించండి. లక్షణాలతోనే తేల్చలేం. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలే, అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరే. 15 కిలోలు పెరిగారంటే వేరే కారణం కూడా వెతకాలి.

ముందు టీఎస్‌హెచ్ చూస్తారు. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే దాన్ని తట్టిలేపడానికి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ ఈ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అందుకే జబ్బుంటే అంకె పెరుగుతుంది. ఉదాహరణకు అది 24 ఉండి, థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 తగ్గి ఉంటే హైపోథైరాయిడిజమే, అంటే గ్రంథి మందగించినట్టే. 6 ఉండి ఫ్రీ టీ4 నార్మల్ అయితే టెన్షన్ వద్దు. సాధారణంగా రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తారు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది చెప్పరు. జుట్టు రాలుతోందని అమ్మ బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అవి టీఎస్‌హెచ్‌ను తక్కువగా చూపిస్తాయి, అసలు జబ్బు దాగిపోతుంది. డాక్టర్‌కు చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. మోతాదు ఎక్కువైతే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు.