ఏడు కప్పులు పోసి ఒక్కరికీ ఇవ్వని మనిషి

ఇరానీ చాయ్ మీద ఆరు నిమిషాల వీడియో ఒకటి చేశాను. ఇంట్లో పుస్తకాల బీరువా ముందు కూర్చుని, కెమెరాలోకి చూస్తూ, డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా ఎందుకు కాస్తారో వివరించాను. మధ్యమధ్యలో నా ముఖం తీసేసి, మాట సాగుతుండగానే హోటల్ దృశ్యాలు వేశాను. వీటినే బీ-రోల్ అంటారు. లోకానికి చూపించే ముందు ఇంట్లోవాళ్లకు చూపిద్దామని, ఆదివారం మధ్యాహ్నం టీవీకి తగిలించాను.

మా పెద్దమ్మ ఒక కన్ను టీవీ మీద వేసి చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. వీడియో అయిపోయింది. నేను చప్పట్ల కోసం ఎదురుచూస్తున్నాను. పెద్దమ్మ విడిగా పెట్టిన ఏడు గింజలను వేలితో జరిపి చూపించింది.

"ఏడు కప్పులు పోశాడు నాన్నా ఆయన. ఒక్కరికీ ఇవ్వలేదేమిటి?"

నిజమే. ఆ ఏడు కప్పులూ ఒకే కప్పు. పచ్చరాయి ఉంగరం వేలికి పెట్టుకున్న ఒకాయన పాలలోకి డికాక్షన్ పోసే దృశ్యాన్ని నేను ఏడుసార్లు వాడాను.

ఎందుకు వాడవలసి వచ్చిందో చెబితే నా తెలివి బయటపడుతుంది. సికింద్రాబాద్‌లో ఒక పాత హోటల్‌కి వెళ్లి, గంటసేపు కూర్చుని, మూడు చాయ్‌లు తాగి, పదకొండు దృశ్యాలు తీసుకొచ్చాను. చాయ్‌లు తాగినంత శ్రద్ధగా లెక్క వేయలేదు. ఆరు నిమిషాలంటే 360 సెకన్లు. అందులో 200 సెకన్లు నా ముఖం భరించినా, మిగతా 160 సెకన్లు కప్పాలి. ఒక్కో దృశ్యం తెర మీద నాలుగు సెకన్లు నిలుస్తుందనుకుంటే నలభై కావాలి. నా దగ్గర పదకొండు. పైగా మాట్లాడుతూ నేను తడబడిన చోటల్లా కోసేశాను కనుక ఆ అతుకుల మీద ఏదో ఒకటి కప్పక తప్పదు. అతుకులు కప్పడమే ఈ బీ-రోల్ పేరుకు మూలమట. 16 ఎంఎం ఫిల్ము రోజుల్లో అతుకు కనబడకుండా ఉండాలని దృశ్యాలను ఏ, బీ అని రెండు రోల్స్‌లో ఒకటి విడిచి ఒకటి అమర్చి ముద్రించేవారు. వాళ్లు ఫిల్ము అతుకు దాచారు, నేను నత్తిని దాచాను.

దొంగతనం చేయలేదని చెప్పను. రెండోసారి వాడినప్పుడు దృశ్యాన్ని అద్దంలోలాగా కుడిఎడమలు తిప్పాను. దాంతో హోటల్‌వాడు ఎడమచేతివాటం మనిషి అయిపోయాడు, గోడ మీద 'పొగ తాగరాదు' అన్న బోర్డు ఏ భాషకూ చెందకుండా పోయింది. మూడోసారి వేగం తగ్గించాను. నాలుగోసారి దగ్గరికి లాగితే బొమ్మ మసకబారింది కానీ పచ్చరాయి మాత్రం ఇంకా పెద్దదై మెరిసింది. అసలు పట్టించింది ఆ రాయే. ఉత్త ఆవిరి దృశ్యాన్ని రెండుసార్లు వేస్తే చాలామందికి తెలియదు. ఉంగరం, ఎర్ర చీర, అడ్డంగా నడిచి వెళ్లే మనిషి, ఇలా కన్ను గుర్తుపెట్టుకునే గుర్తు ఉన్న దృశ్యానికి ఒక్కసారికే ఆయుష్షు. అంత అందమైన దృశ్యం కనుకనే దాన్ని పదేపదే వాడబుద్ధి అవుతుంది.

"సరే, మిగతా పది దృశ్యాలు వేరువేరేగా?" అన్నాను, పరువు నిలుపుకోవాలని.

"వేరే ఎక్కడున్నాయి? ఆకులో పప్పు పక్కన పప్పుపులుసు, దాని పక్కన పప్పుచారు వడ్డిస్తే మూడు కూరలు అయిపోతాయా?"

సౌండ్ ఆపేసి మళ్లీ చూశాను. మాట వినబడకపోతే బొమ్మల గుట్టు తెలుస్తుంది. పదకొండు దృశ్యాలూ కుర్చీలో కూర్చున్న నా ఛాతీ ఎత్తు నుంచే తీశాను. అన్నీ బల్లంత దూరమే. ప్రతిదానిలోనూ ఎవరో ఏదో పోస్తున్నారు. వాడిన దృశ్యం మళ్లీ వాడకపోయినా విసుగు పుట్టేదే. పైగా నేను "చాయ్" అన్నప్పుడల్లా చాయ్ కనబడుతోంది, బాలశిక్షలో 'అ' పక్కన అమ్మ బొమ్మలాగా. అదీ ఠంచనుగా పదేసి సెకన్లకొకసారి.

ఈసారి ముందు కాగితం తీశాను. మధ్యలో గీత గీసి, ఎడమవైపు నేను చెప్పే మాట, కుడివైపు కనబడవలసిన బొమ్మ రాశాను. బొమ్మ పక్కన మూడు సంగతులు చేర్చాను: ఎంత దూరం నుంచి, ఎంత ఎత్తు నుంచి, అది చేసే పని ఏమిటి. చోటు చూపించడం ఒక పని, చేతిపని చూపించడం ఒక పని, మనిషి ముఖం, ఆ పని వల్ల మిగిలిన ఫలితం వేరే పనులు. పక్కపక్కన ఉన్న రెండు దృశ్యాలకు వీటిలో కనీసం రెండైనా వేరుగా ఉండాలని నియమం పెట్టుకున్నాను.

ఒక్క ముక్క చెబుతాను. "డికాక్షన్ మూత కింద నెమ్మదిగా దిగుతుంది, పాలు పక్క పొయ్యి మీద చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి" అన్న మాటకు పద్నాలుగు సెకన్లు పడుతుంది. పాత పద్ధతిలో అయితే పోసే చెయ్యి, పోసే చెయ్యి, పోసే చెయ్యి. కొత్త కాగితంలో మొదట వంటగది మొత్తం, దూరం నుంచి, నాలుగు సెకన్లు. వెంటనే మూత అంచున వణికే ఆవిరి, బాగా దగ్గరగా, రెండే సెకన్లు. తరువాత పాలు కలుపుతున్న మనిషి చెమట పట్టిన ముఖం, గరిటె కనబడకుండా, నాలుగు. చివరికి పోసే చెయ్యి, తల మీది నుంచి కిందికి, నాలుగు. పచ్చరాయికి వీడియో మొత్తంలో ఇదొక్కటే దర్శనం. ఇలా నాలుగు గుంపుగా వచ్చాక దాదాపు అర నిమిషం నా ముఖమే ఉంచాను. ఆ అర నిమిషాన్ని మాత్రం తడబడకుండా మళ్లీ చెప్పి రికార్డు చేయవలసి వచ్చింది, అతుకు ఉంటే కప్పడానికి ఏమీ లేదు కదా. నా అభిప్రాయం చెప్పే చోట ముఖం ఉండడమే న్యాయం కూడా. అభిప్రాయానికి బిస్కెట్టు బొమ్మ వేస్తే అది బిస్కెట్టు అభిప్రాయమవుతుంది.

మళ్లీ వాడదలచిన దృశ్యం ఒక్కటే ఉంచుకున్నాను: కిటికీ పక్క బల్ల. మొదట్లో నిండు కప్పుతో, చివర్లో అదే కోణం నుంచి ఖాళీ కప్పు, బిస్కెట్టు పొడి. చోటు అదే అయినా ఏదో జరిగింది కనుక అది పునరుక్తి కాదు.

కాగితం పట్టుకుని హోటల్‌కి వెళితే పచ్చరాయి ఆయన గుర్తుపట్టాడు. "ఈసారి తాగడానికి వచ్చారా సార్, తీయడానికా?" అన్నాడు. నలభై ఎనిమిది దృశ్యాలు తీశాను, ఒక్కోటి పది సెకన్లు కెమెరా కదపకుండా, ఎందుకంటే వాడేది నాలుగే అయినా ముందూ వెనకా కోసుకునే జాగా కావాలి. పొద్దున పది గంటలకు మొదలుపెడితే సాయంత్రం నాలుగు దాటింది. ఎన్ని చాయ్‌లు తాగానో చెప్పను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తరువాతి ఆదివారం మళ్లీ టీవీకి తగిలించాను. పెద్దమ్మ చేతిలో ఈసారి చిక్కుడుకాయలు. ఆరు నిమిషాలూ ఒక్క కాయ కూడా విడిగా పెట్టలేదు. నేను గర్వంగా సోఫాలో వెనక్కి వాలాను.

"బాగుంది నాన్నా. ఒక్కటీ రెండోసారి రాలేదు."

"మరి?"

"ఏమీ లేదు. ఆ గోడగడియారం ముందు పదిన్నర చూపించింది, తరువాత నాలుగుంపావు, మళ్లీ పదకొండు. అంతసేపు మరిగించాక ఆ పాలు ఏమయ్యాయో అని."