ఈసీటీకి ‘సరే’ అన్న మాటనూ పరీక్షించాలి

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం, విషయాన్ని అర్థం చేసుకోవడం, గుర్తుంచుకోవడం, బేరీజు వేసుకోవడం, నిర్ణయాన్ని తెలియజేయడం అనే నాలుగింటిలో ఏ ఒక్కటి రుగ్మత వల్ల చేతకాకపోయినా రోగికి ఆ నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేనట్టే. ఇది సైకియాట్రిస్టులకు కొత్త సంగతి కాదు. అయితే మత్తు ఇచ్చి మెదడుకు కరెంటు పంపే ఈసీటీ చికిత్స వద్దన్న రోగి గురించి పేజీలు నింపే డాక్టర్లే, సరే అన్న రోగి గురించి చాలాసార్లు ‘సామర్థ్యం ఉంది, అంగీకరించారు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

తీవ్రమైన డిప్రెషన్‌తో, నిర్బంధ చికిత్సలో ఉన్న 68 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. మత్తు ఇచ్చి మెదడుకు కరెంటు పంపుతారని, జ్ఞాపకాలు కొన్ని పోవచ్చని ఆమె తడుముకోకుండా చెబుతుంది. అరగంట తర్వాత అడిగినా అదే చెప్పి, సంతకానికి చేయి చాపుతుంది. ఎందుకు ఒప్పుకున్నారంటే మాత్రం, ‘నేను చేసిన పాపానికి ఇదే శిక్ష, దీంతో చచ్చిపోతాను’ అంటుంది. మూడు సామర్థ్యాలు నిక్షేపంగా ఉన్నా, భ్రమ వల్ల ఆమె లాభనష్టాలను తూచలేకపోతోంది. కాబట్టి అడిగిన ప్రశ్నా, ఆమె చెప్పిన జవాబూ యథాతథంగా కేస్‌షీట్‌లోకి ఎక్కాలి. అంతమాత్రాన చికిత్స ఆగిపోదు, దారి మారుతుంది. మెంటల్ హెల్త్ చట్టం 58ఏ సెక్షన్ కింద బయటి నుంచి వచ్చే సెకండ్ ఒపీనియన్ డాక్టర్ ఆమెను చూసి, ఈసీటీ తగినదేనని, ఆమె ముందుగా రాసిపెట్టిన చెల్లుబాటయ్యే నిరాకరణకు అది విరుద్ధం కాదని టీ6 పత్రంలో ధ్రువీకరించాలి. ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఆ రెండో కన్ను ఆమెకు దక్కదు.

నీళ్లు కూడా ముట్టని మనిషి ముందు కూర్చుని ఇంత రాతకోతలకు తీరిక ఎక్కడిదన్నది ఎదుటివారి వాదన. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ ధ్రువీకరణ కోసం ఆగకుండా చికిత్స ఇవ్వడానికి అదే చట్టంలో 62వ సెక్షన్ ఉండనే ఉంది. దాన్ని వాడుకుని, ఎందుకు వాడారో రాయవచ్చు.

గుర్తుంచుకోవడం విషయంలో పొరపాటు మరోలా జరుగుతుంది. సాధారణంగా వారానికి రెండుసార్లు చొప్పున సాగే ఈ చికిత్సే జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది కనుక, ఆరో విడత నాటికి మొదటి సంభాషణ రోగికి గుర్తుండకపోవచ్చు. దాన్నిబట్టి సామర్థ్యం పోయిందని తేల్చకూడదు. ఇవాళ చెప్పినది నిర్ణయం తీసుకునేంత సేపు నిలిస్తే చాలని చట్టమే అంటోంది. మొదటి రోజు రాసిన వాక్యాన్ని ప్రతి విడతకూ కాపీ చేసి అతికించడం మాత్రం మదింపు అనిపించుకోదు.

మన దేశంలో ఈ రాతకు బరువు ఇంకా ఎక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ అత్యవసర చికిత్సకు అనుమతిస్తూనే, ఆ పేరుతో ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. అంటే ఇంగ్లండ్ డాక్టర్‌కున్న 62వ సెక్షన్ వెసులుబాటు హైదరాబాద్ డాక్టర్‌కు లేదు.