సవరణ: ఒక్క జీతంతో నడిచే ఇంటికి అత్యవసర నిధి

"మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటే చాలు" అని మొన్నటి పోస్టులో రాశాం. అది తప్పు. ఆ లెక్క ఇద్దరూ సంపాదించే ఇళ్లకు. ఒక్కరి జీతమే ఆధారమైతే కనీసం ఆరు నెలలది ఉండాలని ఆర్థిక సలహాదారులు సాధారణంగా చెప్తారు.

నెల ఖర్చు అంటే ఏడాదికోసారి వచ్చేవీ కలిపే. ఇంటిఖర్చు 26,000, హోమ్ లోన్ ఈఎంఐ 14,000 అనుకుందాం. స్కూల్ ఫీజు ఏడాదికి 60,000 అయితే నెలకు 5,000. మొత్తం 45,000, ఆరు నెలలకు 2,70,000. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు కలపక్కర్లేదు, జీతం రాని నెలల్లో ఆపేయొచ్చు. ఉద్యోగంతోపాటు కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా పోతుంది కాబట్టి, సొంత పాలసీ లేనివాళ్లు దాని ప్రీమియమూ కలుపుకోవాలి. కమీషన్ల మీద నడిచే ఇంటికైతే మేం తొమ్మిది నెలలకే మొగ్గుతాం.