కోప్టిక్ యోహాను 1:1లోని ‘ఉ’ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

“సహిదిక్ కోప్టిక్ బైబిలులో యోహాను 1:1 చివరి మాటల్లో దేవుడు అనే పదానికి ముందు ‘ఒక’ అని స్పష్టంగా ఉంది. గ్రీకులో లేని ఆర్టికల్‌ను కోప్టు అనువాదకులే చేర్చారు కాబట్టి, వాళ్ళకు అర్థమైంది ‘వాక్యము ఒక దేవుడు’ అనే. 1911లో హార్నర్ కూడా అలాగే అనువదించాడు. ఇక వివాదం లేదు.”

చాలామంది పంచుకుంటున్న ఒక పోస్టులోని వాదన ఇది. కోప్టిక్ ఈజిప్టు ప్రాచీన క్రైస్తవుల భాష, సహిదిక్ దాని దక్షిణాది మాండలికం. ఆర్టికల్ అక్కడ ఉందన్న మాట నిజమే. అయితే అది పైకి కనిపించేటంత స్పష్టంగా లేదు. పదాల మధ్య ఖాళీ వదలని రాతలో ఆ వాక్యం ‘అవోనెఉనూతెపెప్షజె’ అని వస్తుంది. ‘అవో’ అంటే మరియు, ‘నూతె’ అంటే దేవుడు, ‘షజె’ అంటే మాట, దాని ముందున్న ‘ప్’ పుంలింగ ఏకవచనంలో నిశ్చయార్థక ఆర్టికల్. చిక్కంతా మధ్యనున్న ‘నెఉ’తోనే వస్తుంది. కోప్టిక్‌లో ‘నెఉ’ అంటే ‘వారి’ అనే బహువచన రూపం కూడా ఉంది కనుక, తొందరపడి చదివితే ‘వారి దేవుళ్ళు’ అని తోస్తుంది. అలా కాదని చెప్పేది తరువాతి ‘పె’. అది ఏకవచనం, బహువచనమైతే ‘నె’ రావాలి. కాబట్టి ఇది భూతకాలాన్ని సూచించే ‘నె’, దానికి అతుక్కున్న అనిశ్చయార్థక ఆర్టికల్ ‘ఉ’. ఉత్తరాది మాండలికమైన బొహైరిక్‌లో ఇదే వాక్యం ‘నె ఉనూతి పె’ అని విడివిడిగా కనిపించి ఈ విభజనను బలపరుస్తుంది.

ఇక ఆ ‘ఉ’ను ‘ఒక’ అని మార్చడం సరైనదేనా? ‘ఒకటి’ అనే సంఖ్యావాచకం నుంచే ఆ ఆర్టికల్ పుట్టినా, వాడుకలో అది సంఖ్య చెప్పదు. నీటిని కూడా కోప్టిక్ ‘ఉమోఉ’ అంటుంది. దీన్ని ‘ఒక నీరు’ అని ఎవరూ అనువదించరు.

దీన్ని పరీక్షించడానికి గ్రీకు అరువు పదాలున్న వాక్యాలు బాగా పనికొస్తాయి. నామవాచకం గ్రీకుదే ఉండిపోతుంది కాబట్టి కోప్టు అనువాదకుడు చేర్చినదేమిటో నేరుగా చూడవచ్చు. యోహాను 4:24లో ‘దేవుడు ఆత్మ’ అనే మాటకు సహిదిక్ పాఠం ‘ఉప్నెఉమ పె ప్నూతె’. ఇక్కడ రెండు ‘ప్’లు కనిపిస్తాయి. ‘ప్నూతె’లోని ‘ప్’ ఆర్టికల్. ‘ప్నెఉమ’లోని ‘ప్’ మాత్రం గ్రీకు పదంలోని మొదటి అక్షరమే. ‘ప్నెఉమ’ అరువు పదమని గుర్తించనివాడు దాన్నీ ఆర్టికల్ అనుకుని ‘నెఉమ’ అనే లేని మాట కోసం నిఘంటువు తిరగేస్తాడు. ముందున్న ‘ఉ’ ఆ పొరపాటును ఆపుతుంది, ఎందుకంటే ఒకే పదం ముందు అనిశ్చయార్థకమూ నిశ్చయార్థకమూ కలిసి రావు. నిశ్చయార్థక రూపం కావలసినచోట హల్లుల జంట ముందు ‘పె’ చేరి ‘పెప్నెఉమ’ అవుతుంది. గ్రీకులో నపుంసకలింగమైన ఈ పదాన్ని కోప్టిక్ పుంలింగంగానే చూస్తుందనీ అక్కడే తెలుస్తుంది.

ఈ వాక్యం అల్లిక 1:1 చివరి భాగం అల్లికే: ముందు ‘ఉ’తో విధేయం, తరువాత ‘పె’, చివర ‘ప్’తో కర్త. గ్రీకులో ‘ప్నెఉమ’కు ఆర్టికల్ లేదు, కోప్టిక్ ‘ఉ’ చేర్చింది. అయినా ‘దేవుడు ఒకానొక ఆత్మ’ అని చెప్పాలనే ఉద్దేశంతో చేర్చారని వాదించడం కష్టం. 3:6లో ‘శరీరం’ గురించి వచ్చే ‘ఉసర్క్స్ పె’ మరీ స్పష్టమైనది. అక్కడ ‘ఒక శరీరం’ అని లెక్కపెట్టడం లేదు, శరీర స్వభావమని చెబుతున్నారు. ఇలాంటి వాక్యంలో విధేయ నామానికి ‘ఉ’ రావడం కోప్టిక్‌లో మామూలు. ‘ప్’ పెట్టి ఉంటే, దేవునియొద్ద వాక్యముండెనని అప్పుడే చెప్పిన ఆ దేవుడూ వాక్యమూ ఒకరేనన్న అర్థం వచ్చేది.

అయితే ఇక్కడితో ‘ఒక దేవుడు’ అనే అర్థాన్ని ఒప్పుకోని అవతలి పక్షం గెలిచిందనుకోకూడదు. 9:17లో ‘ఉప్రొఫేతేస్ పె’ అని ఉంది. ఇదీ గ్రీకు అరువు పదమే, ఇదీ ఆర్టికల్ లేని గ్రీకు విధేయానికి అనువాదమే. కానీ ప్రవక్తలను లెక్కపెట్టవచ్చు కనుక ఇక్కడ ‘ఆయన ఒక ప్రవక్త’ అనడమే సహజం. ‘నూతె’ కూడా లెక్కపెట్టదగిన పదమే. అంటే 1:1లో ‘ఒక దేవుడు’ అనే అర్థాన్ని వ్యాకరణం నిషేధించదు, ‘దైవ స్వభావం’ అనే అర్థాన్నీ నిషేధించదు. ఏదో ఒకదాన్ని ‘ఉ’ రుజువు చేస్తుందన్న మాటే తప్పు. సందర్భం కావాలంటే పదిహేడు వచనాలు దిగితే చాలు: 1:18లో ఏకైక కుమారుడిని సహిదిక్ పాఠం ‘ప్నూతె’ అని, నిశ్చయార్థక ఆర్టికల్‌తోనే పిలుస్తుంది. పంచుకుంటున్న పోస్టులో ఈ వచనం ఊసే లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

హార్నర్ విషయానికొస్తే, ఆయన ఇంగ్లీషులో ‘ఒక’కు సమానమైన అక్షరాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టాడు. కోప్టిక్‌లో ఉండి ఇంగ్లీషుకు అవసరం లేని మాటలకు ఆయన వాడిన గుర్తు అది. పోస్టు ఆ కుండలీకరణాలను తీసేసి ఆయన పేరును మాత్రం ఉంచుకుంది.