యాడ్ పాతబడిన సంగతి నెలాఖరు రిపోర్టులో కనపడదు

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో రోజుకు వెయ్యి రూపాయలు పెట్టి ఒకే వీడియో యాడ్‌ను నాలుగు వారాలు నడిపారు. వెయ్యిసార్లు చూపించడానికి వంద రూపాయలు పడుతోంది. అంటే వారానికి 70,000 ఇంప్రెషన్లు, యాడ్ అన్నిసార్లు కనపడిందన్నమాట. నెలాఖరున రిపోర్టు తెరిస్తే లింక్ సీటీఆర్, అంటే యాడ్ కనపడిన ప్రతి వందసార్లలో లింక్‌పై ఎన్ని క్లిక్‌లు పడ్డాయన్నది, 1.14 శాతం ఉంది. బాగానే ఉంది కదా, ఇంకో నెల నడుపుదాం అనుకుంటారు. డబ్బు కారిపోయేది ఇక్కడే.

అదే రిపోర్టును వారాలవారీగా విడగొట్టి చూడండి. మొదటి వారం సీటీఆర్ 1.5 శాతం, రెండో వారం 1.35, మూడో వారం 1.0, నాలుగో వారం 0.7. మొదట్లో ఒక క్లిక్ ఆరున్నర రూపాయల పైచిలుకుకు వచ్చింది. చివరి వారం అదే క్లిక్‌కు పద్నాలుగు రూపాయలు దాటింది. మొదటి రెండు వారాల మంచి అంకెలు చివరి వారాన్ని సగటులో కప్పేశాయి.

ఇప్పుడు పక్కన ఫ్రీక్వెన్సీ పెట్టాలి. ఇంప్రెషన్లను రీచ్‌తో, అంటే యాడ్ చేరిన మనుషుల సంఖ్యతో, భాగిస్తే వచ్చేదే ఫ్రీక్వెన్సీ, అంటే ఒక్కో మనిషి సగటున ఎన్నిసార్లు చూశారన్నది. మన దుకాణం యాడ్ మొదటి వారంలో 46,000 మందికి చేరింది. ఫ్రీక్వెన్సీ సుమారు 1.5. మూడో వారం చివరికి మొత్తం రీచ్ 72,000, నాలుగో వారం చివరికి 75,000, ఫ్రీక్వెన్సీ 3.7. చివరి వారం ఏడు వేల రూపాయలు ఖర్చుపెడితే కొత్తగా చూసినవాళ్లు మూడు వేల మందే. మిగతా డబ్బంతా చూసినవాళ్లకే మళ్లీ చూపించడానికి పోయింది. నా దృష్టిలో ఫ్రీక్వెన్సీ అంకె కన్నా ఈ కొత్త రీచే ముందు చూడాల్సింది.

ఫ్రీక్వెన్సీ 3 దాటితే యాడ్ మార్చెయ్యాలన్న సూత్రం చాలామంది నోట వింటుంటాం. నేను దాన్ని ఒప్పుకోను. అది సగటు మాత్రమే. సగటు 3 అన్నచోట ఒకసారే చూసినవాళ్లూ, పన్నెండుసార్లు చూసి విసిగినవాళ్లూ కలిసే ఉంటారు. పైగా చీరను కార్ట్‌లో పెట్టి వదిలేసినవాళ్లకు అయిదారుసార్లు గుర్తుచేసినా పెద్దగా ఇబ్బంది ఉండదు. కొత్తవాళ్ల విషయంలో అంత ఓపిక ఆశించలేం.

అందుకే సీటీఆర్, ఫ్రీక్వెన్సీ రెండూ కలిసి చెప్పే మాటే నమ్మాలి. సీటీఆర్ తక్కువగా ఉన్నా ఫ్రీక్వెన్సీ 1.3 దగ్గరే ఉంటే, అది యాడ్ పాతబడటం కాదు. వీడియో మొదటి నుంచీ బలహీనంగా ఉండొచ్చు, లేదా సంబంధం లేనివాళ్లకు చూపిస్తుండొచ్చు. సీటీఆర్ కదలకుండా ఆర్డర్లు తగ్గితే ధరనో, వెబ్ పేజీనో, డెలివరీనో చూసుకోవాలి. దసరా, దీపావళి రోజుల్లో పెద్ద కంపెనీలన్నీ యాడ్ చోటు కోసం జరిగే వేలంలో పోటీపడతాయి కాబట్టి ఇంప్రెషన్ల ధరే పెరుగుతుంది. అప్పుడు క్లిక్ ఖరీదు పెరిగిందని మంచి వీడియోను ఆపేయడం పొరపాటు. అనుమానం తీరకపోతే అదే వీడియోను ఇప్పటివరకు చూడనివాళ్లకు, వేరే ఊళ్లలో, కొద్ది బడ్జెట్‌తో చూపించండి. అక్కడ సీటీఆర్ మళ్లీ లేస్తే, వీడియోలో లోపం లేదు, పాతవాళ్లు చూసి చూసి అలిసిపోయారన్నమాట.

ఇక ఎప్పుడు మార్చాలన్నది. ప్రతి నెలా ఒకటో తారీఖున మార్చడం షెడ్యూల్ కాదు. బడ్జెట్ రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ కూడా దాదాపు రెట్టింపు వేగంతో పెరుగుతుంది, నాలుగు వారాల ఆయుష్షు రెండు వారాలకు పడిపోతుంది. మన దుకాణానికి నేనైతే ఇలా పెడతాను: ఫ్రీక్వెన్సీ 2 దాటగానే, అంటే రెండో వారంలోనే, కొత్త వీడియో తీయడం మొదలుపెట్టాలి. షూటింగ్, ఎడిటింగ్ కలిపి వారం పది రోజులు పడుతుంది కదా. లింక్ సీటీఆర్ మొదటి వారంతో పోలిస్తే పావు వంతుకు పైగా తగ్గి, మూడు నాలుగు రోజులు అలాగే ఉంటే కొత్తది వదలాలి. ఒక్కరోజు పడిందని టెన్షన్ పడకూడదు.

వదిలేటప్పుడు పాత యాడ్‌నే ఎడిట్ చేసి వీడియో మార్చకండి. దానికొచ్చిన లైకులు, కామెంట్లు పోవచ్చు, యాడ్ ఎవరికి చూపించాలో సిస్టమ్ నేర్చుకునే దశ మళ్లీ మొదటికొస్తుంది. ఆ దశ దాటడానికి వారంలో ఆర్డర్ల లాంటి ఫలితాలు సుమారు 50 కావాలని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా చెబుతుంది. చిన్న బడ్జెట్‌కు అది తేలిక కాదు. పాతదాన్ని నడవనిస్తూనే కొత్తదాన్ని వేరే యాడ్ సెట్‌లో, అంటే పాతదానితో కలవని విడి గుంపులో, పెట్టి, కుదురుకున్నాక పాతదాన్ని ఆపాలి.

కొత్తది నిజంగా కొత్తగా ఉండాలి. అదే చీర ఫొటోకు వెనక రంగు మార్చితే చూసేవాళ్ల కంటికి అది పాతదే. మొదటి మూడు సెకన్లు మారాలి. మడతపెట్టిన చీర బదులు మగ్గం మీద నేస్తున్న చేతులు కనిపించాలి, లేదా కట్టుకున్నావిడ స్వయంగా మాట్లాడాలి. ఆపేసిన వీడియోను డిలీట్ చేయకండి. కొన్ని నెలల తర్వాత, దాన్ని ఎప్పుడూ చూడనివాళ్ల ముందు అది మళ్లీ పనికొస్తుంది.