కడుపు నిలబెట్టేది ఇంజెక్షనేనా?

రెండు మూడుసార్లు కడుపు పోయిన స్త్రీ మళ్లీ నెల తప్పగానే రోజూ పొట్ట మీద ఒక హెపారిన్ ఇంజెక్షన్, దాంతోపాటు ఒక చిన్న ఆస్పిరిన్ రాసేయడం మామూలైపోయింది. "రక్తం చిక్కగా ఉంది, పలచబడాలి" అంటే ఇంట్లో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. పైగా ఈసారి బిడ్డ పుడితే ఆ ఘనత ఇంజెక్షన్‌కే వెళ్తుంది. నిజానికి ఈ మందుతో లాభపడేవాళ్లు ఉన్నారు. కానీ వాడుతున్నవాళ్లలో వాళ్లు కొద్దిమందే.

ఇలాంటి చోట్ల తరచుగా కనిపించే ఒక ఫైలును ఊహించుకుందాం. ఆమె వయసు 31. మూడు గర్భాలూ 6, 7, 9 వారాల్లో పోయాయి. మూడో అబార్షన్ అయిన పది రోజులకే రక్తం ఇచ్చింది. రిపోర్టులో మూడు చోట్ల లావు అక్షరాలు: కార్డియోలిపిన్ యాంటీబాడీ ఐజీఎం 18 యూనిట్లు, రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ ఎస్ తక్కువ, ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో మార్పు. ఇది చూసి ఎవరికైనా టెన్షన్ వస్తుంది. నాలుగోసారి నెల తప్పిన రోజు నుంచే ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

ఆ మూడింటినీ విడివిడిగా చూస్తే సంగతి మారిపోతుంది. ప్రోటీన్ ఎస్ గర్భం వచ్చినప్పుడు ఎవరికైనా తగ్గుతుంది. మామూలు స్థాయికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అబార్షన్ అయిన పది రోజులకు పరీక్షిస్తే తక్కువే చూపిస్తుంది మరి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ మార్పు జనంలో ఎంతో మందికి ఉంటుంది, వాళ్లకు బిడ్డలు పుడుతూనే ఉన్నారు. దీన్ని బట్టి హెపారిన్ ఇవ్వడానికి ఆధారం లేదు. అసలు ఈ పరీక్ష ఎందుకు చేయించారో నాకెప్పుడూ అర్థం కాదు.

మిగిలింది కార్డియోలిపిన్. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టే, గర్భాలు పోయే జబ్బయిన యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌ను పట్టుకునే మూడు పరీక్షల్లో ఇదొకటి. మిగతా రెండు బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు, లూపస్ యాంటీకోయాగ్యులెంట్. అయితే ఈ జబ్బును గుర్తించడానికి 2006లో ప్రచురించిన సిడ్నీ ప్రమాణాల ప్రకారం కార్డియోలిపిన్ 40 యూనిట్లు దాటాలి, లేదా ఆరోగ్యవంతుల్లో 99 శాతం మందికి ఉండే స్థాయిని మించాలి. అదీ ఒక్కసారి చాలదు. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ పరీక్షించినా అలాగే ఉండాలి. ఈ గడువు ఊరికే పెట్టింది కాదు. ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయినా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు పైకి లేచి తర్వాత మాయమవుతాయి. ఒక్క రిపోర్టులోని 18 అనే అంకెను బట్టి జబ్బు ఉందని చెప్పలేం.

ఇంతకీ ఆ ఫైల్లో పెద్ద లోటు వేరే ఉంది. మూడింటిలోకీ ముఖ్యమైన లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష చేయలేదు. ఇప్పుడు చేద్దామంటే ఆమె హెపారిన్ మీద ఉంది. ఈ పరీక్ష రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచేది కాబట్టి, ఒంట్లో ఉన్న హెపారిన్ ఫలితాన్ని తప్పుదారి పట్టించగలదు. మందు ముందు, పరీక్ష తర్వాత అయితే జవాబు దొరకడం కష్టం.

సరే, ఇంజెక్షన్ వాడాక బిడ్డ పుడితే చాలు కదా, ఇంకేం కావాలి అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కారణం తెలియకుండా గర్భాలు పోయినవాళ్లలో చాలామందికి ఏ మందూ లేకుండానే తర్వాతి గర్భం నిలుస్తుంది. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన అలైఫ్ అధ్యయనంలో అలాంటి 364 మందిని మూడు గుంపులుగా చేశారు. వారిలో గర్భం దాల్చినవారిని చూస్తే, ఆస్పిరిన్, హెపారిన్ రెండూ తీసుకున్నవారిలో 69 శాతం మందికి, ఆస్పిరిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 62 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 67 శాతం. అంటే ఆ ఉత్తుత్తి మాత్ర రాసిన డాక్టరుకు కూడా మూడింట రెండువంతుల మంది కృతజ్ఞతలు చెప్పేవారే. పుట్టుకతో రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్లకైనా పనికొస్తుందేమోనని 2023లో అలైఫ్-2 చూసింది. హెపారిన్‌తో 72 శాతం, లేకుండా 71 శాతం. తేడా పొట్ట మీది కమిలిన మచ్చల్లోనే గట్టిగా కనిపించింది.

మరి యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ తేలినవాళ్ల సంగతి? అక్కడ లెక్క వేరు. 1997లో లండన్‌లో ఈ యాంటీబాడీలు ఉన్న 90 మందిపై జరిగిన పరీక్షలో ఆస్పిరిన్ ఒక్కటే ఇస్తే 42 శాతం మందికి, హెపారిన్ కలిపితే 71 శాతం మందికి బిడ్డలు దక్కారు. ఇది చిన్న అధ్యయనమేనని ఒప్పుకోవాలి. ఆ తర్వాత వచ్చిన ఒకటి రెండింటిలో ఇంత తేడా కనిపించలేదు. అయినా అన్నీ కలిపి చూస్తే మొగ్గు చికిత్స వైపే ఉంది, మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి.

ఇక్కడ హెపారిన్ చేసే మేలు రక్తాన్ని పలచబరచడం ఒక్కటే కాదేమో. ఈ యాంటీబాడీలు మాయ కణాలకు అంటుకుని కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను రెచ్చగొడతాయి, దాంతో మాయ సరిగా నాటుకోదు. 2004లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో హెపారిన్ ఈ రెచ్చగొట్టడాన్ని అడ్డుకుని పిండాలను కాపాడింది. గడ్డకట్టడాన్ని మాత్రమే ఆపే వేరే మందులు కాపాడలేకపోయాయి. ఎలుకల్లో చూసింది అలాగే మనుషులకు వర్తించదు. కానీ "రక్తం చిక్కగా ఉంది" అన్న వివరణ ఎంత పైపైదో దీన్నిబట్టి తెలుస్తుంది. యాంటీబాడీలు లేనప్పుడు హెపారిన్ అడ్డుకోవలసింది కూడా ఏమీ ఉండదు.

జబ్బు తేలినవారికి వాడే పద్ధతి కష్టమైనదేం కాదు. రోజుకు 75 నుంచి 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను గర్భం రాకముందే మొదలుపెడతారు. గర్భం నిర్ధారణ కాగానే తక్కువ మోతాదు హెపారిన్ కలుపుతారు. ఉదాహరణకు ఎనాక్సాపారిన్ అయితే సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములు. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారికి పూర్తి మోతాదు కావాలి. ఇంత చేసినా కొందరికి గర్భం పోతుంది. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్నవాళ్లనైతే మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 2012లో వచ్చిన ప్రామిస్ అధ్యయనంలో 12 వారాలు దాటిన గర్భాలను గమనిస్తే, ఇది ఉన్నవారిలో 39 శాతం మందికి చెడు ఫలితం ఎదురైంది. మిగతా యాంటీబాడీలు ఉండి ఇది లేనివారిలో అది 3 శాతమే.

ఫైల్లోని ఆమెకు అవసరం లేని మందు వల్ల ప్రాణం మీదికి రాకపోవచ్చు. కానీ ప్రసవానికి వెన్నులో మత్తు ఇవ్వాలంటే చివరి డోసు తర్వాత కనీసం 12 గంటలు ఆగాలి. నెలల తరబడి సూదులు, ఖర్చు సరేసరి. అంతకన్నా పెద్ద నష్టం, "కారణం దొరికింది" అనుకుని వెతకడం ఆపేయడం. తొలి వారాల్లో పోయే గర్భాల్లో సగం దాకా క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. పోయిన పిండం కణాలను పరీక్షించి ఉంటే ఆమె ప్రశ్నకు జవాబు అక్కడే దొరికి ఉండేదేమో. గర్భాశయం ఆకారం, థైరాయిడ్ కూడా ఎవరూ చూడలేదు.

ఇంకోవైపు, ఒక్కసారే, అదీ 22వ వారంలో బిడ్డను పోగొట్టుకున్న స్త్రీ ఉంటుంది. బిడ్డ ఆకారంలో లోపం లేదు, మాయ మాత్రం చిన్నగా ఉంది. మూడుసార్లు పోలేదు కాబట్టి "మీ దురదృష్టం, మళ్లీ ప్రయత్నించండి" అని పంపించేస్తారు. కానీ అదే సిడ్నీ ప్రమాణాల్లో పది వారాలు దాటాక కారణం తెలియకుండా ఇలా ఒక్క గర్భం పోయినా లెక్కలోకి వస్తుంది. తీవ్రమైన బీపీతో 34 వారాలకు ముందే కాన్పు అయినా అంతే. ఆమెకు మూడు పరీక్షలూ చేసి, ఏదైనా తేలితే 12 వారాల తర్వాత మళ్లీ చేసి, అప్పుడూ నిలిస్తే, ఆ ఇంజెక్షన్ అందాల్సింది ఆమెకే.